పదమూడు వందలకు గద్వాల పట్టు చీర వస్తుందా?

"గద్వాల ప్యూర్ పట్టు. అసలు ధర 8,500. షాపు ఎత్తేస్తున్నాం కాబట్టి 1,299 మాత్రమే. ఈ రాత్రి పన్నెండు వరకే." ఇన్‌స్టాగ్రామ్‌లో ఇలాంటి ప్రకటన తగలని రోజు ఉండదు. పేజీకి ఎనభై వేల మంది ఫాలోవర్లు. చిరునామా దగ్గర "హైదరాబాద్" అని ఒక్క మాట. వెబ్‌సైట్ లేదు. ఆర్డర్ చేయాలంటే వాట్సాప్‌కి రమ్మంటారు. ఈ మాదిరి పేజీ ఒకటి మన ముందుందనుకుని, అది అసలుదో కాదో తేల్చుకుందాం.

ముందు ఒక మాట. వెబ్‌సైట్ లేకపోవడం నేరమేమీ కాదు. ఇంట్లో ఒక గదిని షాపు చేసుకుని, ఫేస్‌బుక్ లైవ్‌లో చీరలు చూపించి, వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతూ నిజాయితీగా బతుకుతున్న ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. నేత కుటుంబాల పిల్లలు కూడా మగ్గం దగ్గర్నుంచే రీల్స్ పెట్టి అమ్ముతున్నారు. కాబట్టి పేజీ ఒక్కటే ఉందని అనుమానించి లాభం లేదు. ఆ పేజీ వెనక, రేపు తేడా వస్తే దొరికే మనిషి ఉన్నాడా అన్నదే తేల్చుకోవాలి.

తగ్గింపు ఎంత శాతమో పక్కన పెట్టి, సరుకు ఖరీదు లెక్కేయండి. ముడి పట్టు కిలో నాలుగు వేల పైమాటే. నిండు పట్టు చీరకు దగ్గర దగ్గర అర కిలో పడుతుంది. అంటే దారానికే రెండు వేలు. ఆ పైన రంగు, జరీ, మగ్గం మీద రోజుల తరబడి కూర్చున్న నేతగాడి కూలి. షాపు ఎత్తేసినా, గోదాం ఖాళీ చేసినా దారం ఖరీదు కన్నా తక్కువకు "ప్యూర్ పట్టు" ఇవ్వడం అయ్యే పని కాదు. అదే 1,299కి "సెమీ గద్వాల్" అని చెప్పి అమ్మితే నమ్మవచ్చు. అది మరమగ్గం మీద కృత్రిమ దారంతో నేసినది, ఆ ధరకు దొరుకుతుంది కూడా. చెప్పే సరుకుకూ అడిగే ధరకూ పొంతన కుదరలేదంటే, వచ్చేది వేరే చీరన్నా కావాలి, అసలేమీ రాకపోవడమన్నా కావాలి.

ఇక పేజీ జాతకం. ప్రొఫైల్ పైన మూడు చుక్కలు నొక్కితే About this account అని వస్తుంది. ఖాతా ఏ నెలలో, ఏ సంవత్సరంలో మొదలైందో, ఏ దేశం నుంచి నడుస్తోందో, ఇంతకు ముందు ఎన్నిసార్లు పేరు మార్చుకుందో చాలా ఖాతాలకు అక్కడ కనిపిస్తుంది. ఫేస్‌బుక్ పేజీలో ఇదే సమాచారం Page transparency కింద ఉంటుంది. నిన్నమొన్నటి దాకా క్రికెట్ మీమ్స్ పెట్టిన ఖాతానో, సినిమా ఫ్యాన్ పేజీనో కొనుక్కుని పేరు మార్చి చీరల షాపు చేస్తారు. ఎనభై వేల ఫాలోవర్లు అలా వచ్చినవాళ్లే కావచ్చు. "పదేళ్లుగా మీ సేవలో" అని రాసుకున్న పేజీ మూడు నెలల కిందట పుట్టిందని తెలిస్తే ఇంక చూడాల్సింది లేదు.

అంతమంది ఉన్న పేజీలో ఒక్కో ఫొటోకి పది పన్నెండు లైకులే వస్తుంటే, కామెంట్లు మూసేసి ఉంటే అది కూడా లెక్కలోకి తీసుకోండి. ఉన్న కామెంట్లన్నీ "సూపర్", "నైస్ కలెక్షన్" అని ఒకే మూసలో ఉంటే వాటికి విలువ లేదు. ట్యాగ్ చేసిన ఫొటోల గదిలోకి వెళ్లండి. కొన్నవాళ్లు చీర కట్టుకుని పెట్టిన ఫొటోలు పేజీవాళ్ల చేతిలో ఉండవు, అవి కొన్నవాళ్ల ఖాతాల్లో ఉంటాయి. అలాంటివాళ్లలో ఒకరిద్దరికి "అక్కా, చీర ఫొటోలో ఉన్నట్టే వచ్చిందా?" అని మెసేజ్ పెట్టి చూడండి. చాలామంది జవాబిస్తారు.

నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి పరీక్ష వీడియో. దొంగ పేజీల్లో చీర ఉండదు, ఫొటో మాత్రమే ఉంటుంది. అదీ ఎక్కడి నుంచో తీసినదే. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే అదే చీర, అదే మోడల్ వేరే షాపు పేజీలో ఐదారు రెట్ల ధరతో కనిపించవచ్చు. రీల్ మూలన మసకబార్చిన పేరు ఉంటే అది అసలు యజమానిదే. లెన్స్‌లో ఏమీ దొరక్కపోయినా సరే, ఇలా అడగండి: "ఒక కాగితం మీద నా పేరు, ఇవాళ్టి తేదీ రాసి, చీర కొంగు మీద పెట్టి చిన్న వీడియో పంపండి." చీర చేతిలో ఉన్నవాళ్లకు ఇది రెండు నిమిషాల పని. లేనివాళ్లు మాత్రం "స్టాక్ గోదాంలో ఉంది మేడమ్", "రష్‌లో ఉన్నాం", "ముందు బుక్ చేసుకోండి, రెండే పీసులున్నాయి" అంటారు. తొందరపెట్టడం మొదలైందంటే అక్కడే ఆగండి.

డబ్బు కట్టే ముందు యూపీఐలో వచ్చే పేరు చదవండి. క్యూఆర్ స్కాన్ చేయగానే ఖాతాదారు పేరు తెర మీద పడుతుంది. చిన్న అమ్మకందారు అయితే సొంత పేరు రావడం మామూలే. కానీ పేజీ పేరు ఒకటి, వాట్సాప్‌లో మాట్లాడే మనిషి పేరు ఇంకొకటి, ఖాతా పేరు వీటితో సంబంధం లేని మూడోదైతే డబ్బు పంపకండి. జీఎస్టీ నంబరు ఇస్తే gst.gov.in లో Search Taxpayer దగ్గర కొట్టండి. పేరు, చిరునామా, నమోదు తేదీ, ఇంకా అమల్లో ఉందా లేదా అన్నవి వస్తాయి. నంబరు 36తో మొదలైతే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్. ఇంకెవరి నంబరో తెచ్చి అతికించేవాళ్లూ ఉన్నారు కాబట్టి, అక్కడి పేరు పేజీ పేరుతో కలిసిందో లేదో చూడాలి. చిన్న వ్యాపారులకు జీఎస్టీ లేకపోవచ్చు, దాన్నే తప్పుగా పట్టుకోవద్దు.

క్యాష్ ఆన్ డెలివరీ ఉందంటే చాలామంది నిశ్చింతగా ఉంటారు. సాధారణంగా కొరియర్ కుర్రాడు డబ్బు తీసుకున్నాకే ప్యాకెట్ చేతికిస్తాడు. విప్పితే పాత గుడ్డ ఉన్నా అతను చేయగలిగింది లేదు. "డెలివరీ ఛార్జీ నూట యాభై ముందు పంపండి" అని మొదలుపెట్టి, ఆ తర్వాత జీఎస్టీ అని, ప్యాకింగ్ అని, అవి తిరిగి ఇస్తామని ఇంకో రెండుసార్లు అడిగితే అది చీరల వ్యాపారం కాదు. "ఓపెనింగ్ వీడియో తప్పనిసరి" అన్న షరతు మాత్రం నిజమైన అమ్మకందారులు కూడా పెడతారు. అది మీకే మేలు. ప్యాకెట్ మీద చిరునామా కనిపించేలా మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా విప్పడం చిత్రీకరించుకోండి.

ఇవన్నీ దాటిన పేజీ కూడా మోసం చేయగలదు. కొన్నాళ్లు చిన్న ఆర్డర్లు సరిగ్గా పంపి, పండగ ముందు పెద్దగా వసూలు చేసి మాయమయ్యేవాళ్లున్నారు. మంచి పేజీని హ్యాక్ చేసి దాని పేరు మీద దండుకునేవాళ్లూ ఉన్నారు. బ్లూ టిక్ కూడా ఇప్పుడు నెలకింతని కడితే వచ్చేదే. అది ఖాతాదారు ఎవరో చెబుతుంది కానీ, చీర పట్టా కాదా అన్నది చెప్పదు. అందుకే కొత్త చోట మొదటిసారి ఒకే ఒక్క చీర, పోయినా ఓర్చుకోగల ధరలో కొనండి. అవకాశముంటే క్రెడిట్ కార్డుతో కట్టండి. సరుకు రాకపోతే బ్యాంకులో ఆ చెల్లింపును ప్రశ్నించే వీలుంటుంది. మనమే పిన్ కొట్టి పంపిన యూపీఐ డబ్బు వెనక్కి రావడం కష్టం.

మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఆ ఖాతాలోంచి వేరే ఖాతాలకు పాకే లోపు చెబితే ఆపే అవకాశం ఉంటుంది. లావాదేవీ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు, పేజీ లింకు దగ్గర పెట్టుకోండి. వాళ్లు బ్లాక్ చేశాక ఇవేవీ దొరకకపోవచ్చు. చీర వచ్చింది గానీ చెప్పింది రాలేదు, తిరిగి తీసుకోమంటే మాట దాటేస్తున్నారు అన్న గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాలి.