చేయి ఊగితే అడుగేనా?

వాచీలో గానీ ఫోన్‌లో గానీ మన పాదాలను చూసే పరికరమేదీ లేదు. రెండింటిలోనూ యాక్సిలరోమీటర్ అనే చిన్న సెన్సర్ ఉంటుంది. అది కదలికలో వచ్చే కుదుపును మూడు దిశల్లో కొలుస్తుంది. మామూలు నడకలో సెకనుకు దాదాపు రెండు అడుగులు పడతాయి. ఆ లయలో కుదుపులు వరుసగా వస్తే సాఫ్ట్‌వేర్ వాటిని అడుగులుగా లెక్కేస్తుంది. ఒకటీ అరా కదలికను చాలా పరికరాలు పట్టించుకోవు.

చిక్కంతా ఆ లయతోనే. భజనలో కూర్చుని తాళం వేస్తున్నా, చపాతీ పిండి పిసుకుతున్నా మణికట్టు అదే వేగంతో ఆడుతుంది. కాలు కదపకపోయినా వాచీలో అంకె పెరుగుతుంది. జేబులోని ఫోన్‌కు ఆ కుదుపు పెద్దగా అందదు కాబట్టి దాని లెక్క కదలదు.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ తోస్తూ నడిస్తే చేయి ఊగదు, వాచీ చాలా అడుగులు వదిలేస్తుంది. జేబులోని ఫోన్ వాటిని పట్టుకుంటుంది. అయితే ఇంట్లో తిరిగేటప్పుడు ఫోన్ బల్లమీదే ఉంటుంది, ఆ నడక దానికి తెలియదు. నా దృష్టిలో సాయంత్రానికి కనిపించే తేడాలో ఎక్కువ భాగం ఇదే.

మీ వాచీని పరీక్షించడం తేలిక. చేతులు మామూలుగా ఊపుతూ, నోటితో లెక్కపెడుతూ వంద అడుగులు వేయండి. ఆగాక కాసేపుండి అంకె చూడండి. తర్వాత కూర్చుని ఒక నిమిషం చప్పట్లు కొట్టి మళ్లీ చూడండి.