అమ్మీటర్లు అని రాస్తే సరిపోదు

పదో తరగతి ‘విద్యుత్ ప్రవాహం’ పాఠంలో ఓమ్ నియమం ప్రయోగం ఉంటుంది. పది ఓమ్‌ల నిరోధానికి ఒక సెల్ కలిపితే, సుమారు 150 మిల్లీ ఆంపియర్ల విద్యుత్ ప్రవహిస్తుంది. రెండు సెల్స్ కలిపితే 300. ఇప్పుడు బల్ల మీద ఉన్నది మూడు ఆంపియర్ల దాకా కొలిచే అమ్మీటర్ అనుకుందాం. దాని మీద ఒక్కో గీత 100 మిల్లీ ఆంపియర్లు. ముల్లు ముందు గీతన్నర, తర్వాత మూడు గీతలు కదులుతుంది. పిల్లలు కళ్లు చికిలించి చూసి తలా ఒక అంకె చెబుతారు. గ్రాఫ్‌లో సరళరేఖ రాదు. మీటరు పాడైందని బీరువాలో పెట్టేస్తారు.

మీటరులో ఏ లోపమూ లేదు. తప్పు జరిగింది కొన్న రోజున కూడా కాదు, అంతకుముందే, సైన్స్ టీచర్ ప్రిన్సిపాల్‌కి రాసిన ఉత్తరంలో. జతపరచిన పట్టికలో ‘అమ్మీటర్లు’ అని మాత్రమే ఉంది. షాపువాడు తన దగ్గరున్నవి పంపాడు. ‘0–500 మిల్లీ ఆంపియర్, ఒక్కో గీత 10’ అని రాసి ఉంటే ముల్లు 15, 30 గీతల దగ్గర నిలబడేది.

కటకాల సంగతీ అంతే. వస్తువుకీ తెరకీ మధ్య దూరం కటకం నాభ్యంతరానికి కనీసం నాలుగు రెట్లు ఉంటేనే తెర మీద ప్రతిబింబం ఏర్పడుతుంది. నాభ్యంతరం 50 సెంటీమీటర్లయితే రెండు మీటర్లు కావాలి. బడిలో ఉన్న బెంచీ ఒకటిన్నర మీటరే అయితే ఆ కటకం ఎంత మంచిదైనా అక్కరకు రాదు. 15 సెంటీమీటర్లదైతే 60తో సరిపోతుంది.

కాబట్టి పట్టిక కేటలాగ్ చూసి వేసేది కాదు, ప్రయోగం నుంచి వెనక్కి లెక్క కట్టేది. ఒక మోడల్ స్కూల్లో పదో తరగతిలో 40 మంది ఉన్నారనుకుందాం. జట్టుకు ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లు. టీచర్ ముందు బీరువా తెరిచి, పనిచేస్తున్నవి లెక్కపెట్టి, ఆ తర్వాత రాస్తారు. ధరలు ఇక్కడ లెక్క కోసం వేసినవే.

| వస్తువు, కొలత | కావాలి | ఉన్నవి | కొనాలి | ఒక్కోటి (రూ.) | మొత్తం (రూ.) |
|---|---|---|---|---|---|
| అమ్మీటర్, 0–500 మిల్లీ ఆంపియర్ | 8 | 3 | 5 | 250 | 1,250 |
| వోల్ట్‌మీటర్, 0–5 వోల్టులు | 8 | 6 | 2 | 250 | 500 |
| కుంభాకార కటకం, నాభ్యంతరం 15 సెం.మీ. | 8 | 4 | 4 | 120 | 480 |
| పరీక్ష నాళికలు (పగిలేవాటితో కలిపి) | 60 | 20 | 40 | 10 | 400 |
| గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 500 మి.లీ. | 1 | 0 | 1 | 300 | 300 |

మొత్తం 2,930 రూపాయలు. కొటేషన్‌లో ‘పన్ను 18 శాతం అదనం’ అని ఉంటే మరో 527.40 కలిసి 3,457.40 అవుతుంది. ఈ వరస లేకుండా వెళ్లిన పట్టిక బిల్లు వచ్చిన రోజున తిరిగి టీచర్ దగ్గరికే వస్తుంది.

ఆమ్లం వరసలో ఒక్క సీసానే ఉండడం గమనించాలి. అన్నిటినీ ఎనిమిదితో గుణించడం చాలామంది చేసే పొరపాటు. గాఢ ఆమ్లం సుమారు 12 మోలార్. 500 మిల్లీలీటర్లతో ఒక మోలార్ ద్రావణం దాదాపు ఆరు లీటర్లు తయారవుతుంది (నీళ్లలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు). పరీక్ష నాళికకు ఐదు మిల్లీలీటర్లు వాడే తరగతికి ఏడాదంతా సరిపోగా మిగులుతుంది. ఎనిమిది సీసాలు కొంటే డబ్బు దండగ, పైగా బీరువాలో ప్రమాదం.

ప్రిన్సిపాల్ వైపు నుంచీ చూడాలి. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 250 దాటి వెయ్యి లోపు పిల్లలున్న ప్రభుత్వ బడికి కాంపోజిట్ గ్రాంట్ ఏడాదికి 75,000 రూపాయలు. అందులో కనీసం పది శాతం పారిశుద్ధ్యానికి. కరెంటు బిల్లు, మరమ్మతులు, రిజిస్టర్లు, అన్నీ మిగతాదాంట్లోంచే. అందుకే ‘ఉన్నవి’ అన్న గడి అంత విలువైనది. అది చూస్తే ఎనిమిదికి బదులు ఐదే ఎందుకు అడుగుతున్నారో ఇంకెవరూ వివరించక్కర్లేదు.

ఉత్తరం పొడవుగా ఉండనక్కర్లేదు. ‘విషయం’ దగ్గర ఏ తరగతికి ఏ సామాగ్రో ఒక్క వాక్యం. కింద మొత్తం ఖర్చు, పాఠం మొదలయ్యే తేదీ, ఆలోపు సరుకు రావాలన్న మనవి. డబ్బు తక్కువైతే ముందు ఏవి కొనాలో కూడా టీచరే రాయాలి. పై పట్టికలో అయితే అమ్మీటర్లు ముందు. నాలుగు కటకాలతో జట్లు వంతులవారీగా సర్దుకోగలవు. చివర ‘జతపరచినవి: పట్టిక, కొటేషన్లు’ అని రాయాలి. మూడు షాపుల కొటేషన్లలోనూ ఒకే కొలతలు ఉండాలి. లేకపోతే మూడు ఆంపియర్ల మీటరే చవగ్గా కనబడి మళ్లీ అదే వస్తుంది.

సరుకు రాగానే బిల్లు మీద సంతకం పెట్టకూడదు. ప్రతి అమ్మీటర్‌నూ సెల్, పది ఓమ్‌ల నిరోధంతో కలిపి ముల్లు 150 దగ్గరికి వస్తోందో లేదో చూడాలి. కటకంతో కిటికీ అవతలి చెట్టు ప్రతిబింబాన్ని గోడ మీద పడేలా చేసి, కటకానికీ గోడకీ మధ్య దూరం స్కేలుతో కొలిస్తే 15 సెంటీమీటర్లకు దగ్గరగా రావాలి. సరిపోయినవాటిని స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, పేజీ నంబరు బిల్లు వెనక రాసి, అప్పుడు ప్రిన్సిపాల్‌కి పంపాలి.