సోమవారం సాయంత్రం ఎవరిది?

అమెరికాలో భాగస్వామ్య సంస్థలు, ఎస్ కార్పొరేషన్లు తమ ఆదాయపు పన్ను రిటర్నులను మామూలుగా మార్చి 15కల్లా దాఖలు చేయాలి. 2026లో ఆ రోజు ఆదివారం కావడంతో గడువు 16, సోమవారానికి జరిగింది. దానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, మార్చి 8 తెల్లవారుజామున, అక్కడి గడియారాలను గంట ముందుకు తిప్పారు. అప్పటిదాకా న్యూజెర్సీకి, హైదరాబాద్‌కు మధ్య పదిన్నర గంటల తేడా ఉండేది. ఆ ఆదివారం నుంచి అది తొమ్మిదిన్నర అయింది. ఏడాదంతటిలో పని ఒత్తిడి ఎక్కువగా ఉండే వారంలోనే గడియారం కూడా మారిందన్నమాట.

ఈ రిటర్నుల తయారీలో కొంత భాగం హైదరాబాద్‌లో జరుగుతుంది. అక్కడి అకౌంటెంటు దగ్గర క్లయింట్లు ఉంటారు, ఇక్కడ ముసాయిదాలు తయారు చేసే బృందం ఉంటుంది. రెండు ఆఫీసుల మధ్య నడిచేది ఎక్కువగా మెయిళ్ల మీదే. మార్చి 6, శుక్రవారం ఇక్కడి నుంచి ఒక మెయిల్ వెళ్లిందనుకుందాం. ఇలాంటివి రోజూ వెళ్తూనే ఉంటాయి: "పన్నెండు రిటర్నుల ముసాయిదాలు సోమవారం ఈఓడీకల్లా పంపుతాం. 01/12/2025 నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. వీలైనంత త్వరగా చూసి చెప్పండి." మర్యాదగా ఉంది, భాషలో తప్పేమీ లేదు. కానీ మూడు వాక్యాల్లో ఏ ఒక్కటీ అవతలి మనిషికి కచ్చితంగా ఏమీ చెప్పడం లేదు.

మొదటి వాక్యం చూద్దాం. ఈఓడీ అంటే రోజు ముగిసేసరికి. ఏ ఊళ్లో రోజు? హైదరాబాద్‌లో సోమవారం సాయంత్రం 6 గంటలంటే న్యూజెర్సీలో అదే సోమవారం ఉదయం 8:30. అక్కడ సాయంత్రం 5 గంటలకు ఆఫీసు ముగిసేసరికి మనకు మంగళవారం తెల్లవారుజామున 2:30 అవుతుంది. అంటే ఒకే మాటకు రెండు అర్థాలు, వాటి మధ్య ఎనిమిదిన్నర గంటలు.

ఆ ఎనిమిదిన్నర గంటలు ఏం చేస్తాయో గంటగంటకూ చూస్తే తెలుస్తుంది. బృందం చెప్పినట్టే సోమవారం సాయంత్రం 6కి ఫైళ్లు పంపి ఇళ్లకు వెళ్తుంది. అక్కడి అకౌంటెంటు "సోమవారం ఈఓడీ" అంటే తన సాయంత్రం అనుకుని, ఆ రోజంతా వేరే పనులు పెట్టుకుని, పరిశీలనను మంగళవారం ఉదయానికి వాయిదా వేసుకుంటాడు. మంగళవారం 10 గంటలకు ఫైలు తెరిస్తే ఒక సందేహం వస్తుంది. అడుగుతూ మెయిల్ రాస్తాడు. అప్పటికి ఇక్కడ రాత్రి 7:30, బృందం వెళ్లిపోయింది. బుధవారం ఉదయం 9కి వచ్చి జవాబు రాస్తారు. అప్పుడు అక్కడ మంగళవారం రాత్రి 11:30. ఆయన దాన్ని బుధవారం ఉదయం చూస్తాడు. సోమవారం ఉదయమే ఆయన పెట్టెలో పడిన ఫైలుకు సంబంధించి ఒక్క సందేహం తీరడానికి బుధవారం దాకా పట్టింది. ఇందులో ఎవరూ బద్ధకించలేదు, ఎవరూ మాట తప్పలేదు.

మార్చి 9 నుంచి 16 గడువు రోజు వచ్చేలోపు ఉన్నవి ఐదు పనిదినాలు. ఈ లెక్కన ఒక ప్రశ్న, ఒక జవాబు కలిసి ఒక రోజు తింటాయి కాబట్టి రెండు ఆఫీసుల మధ్య ఐదారు ఉత్తరాల రాకపోకలకే చోటుంది. అందుకే విదేశీ క్లయింటుకు రాసేటప్పుడు నేను పట్టించుకునేది ఒక్కటే: ఈ మెయిల్ చదివిన మనిషి తిరిగి అడగాల్సిన ప్రశ్న ఏదైనా మిగిలిందా? మిగిలితే దాని ఖరీదు ఒక రోజు.

మొదటి వాక్యాన్ని బాగు చేయడం తేలికే. వారం, తేదీ, నెల పేరు, గంట, ఊరు అన్నీ రాసి, క్లయింటు సమయాన్ని ముందు పెట్టి, మన సమయాన్ని పక్కన రాస్తే చాలు:

```
Mon 9 Mar 2026, 8:30 AM New York
(= 6:00 PM Hyderabad, same day)
```

ఇందులో వారం పేరు అలంకారానికి కాదు. తేదీ పొరపాటున 10 అని పడితే "సోమవారం, 10" అనే రెండూ పొసగవు, చదివినవాడు వెంటనే అడుగుతాడు. చివర ఉన్న "అదే రోజు" అన్న మాట కూడా అవసరమే. అక్కడి సాయంత్రం 5 గంటల గడువును మన సమయంలో రాసేటప్పుడు "మరుసటి రోజు, మంగళవారం 2:30" అని రాయకపోతే సగం మంది సోమవారం తెల్లవారుజామున 2:30 అనుకుంటారు. లెక్క కట్టే భారం మాత్రం ఎప్పుడూ మనదే. క్లయింటు చేత కూడికలు చేయించకూడదు.

ఊరి పేరే ఎందుకు, EST అని రాస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. EST అన్నది న్యూయార్క్ శీతాకాలపు సమయం. మార్చి 8 తర్వాత అక్కడ నడిచేది EDT. మార్చి 10న "5 PM EST" అని రాస్తే నియమం ప్రకారం దాని అర్థం అక్కడి గోడ గడియారంలో సాయంత్రం 6. రాసినవాడు అనుకున్నది 5, కచ్చితంగా చదివే క్యాలెండరుకు 6. మన IST కూడా అంత భద్రమైనది కాదు. ఇజ్రాయెల్, ఐర్లండ్‌లు కూడా తమ సమయానికి అవే మూడక్షరాలు వాడతాయి. CST అంటే అమెరికా మధ్య ప్రాంతమూ అవుతుంది, చైనా కూడా అవుతుంది. ఊరి పేరుకు ఈ బెడద లేదు. క్యాలెండర్ సాఫ్ట్‌వేర్ కూడా లోపల America/New_York, Asia/Kolkata అన్నట్టు ఊళ్ల పేర్లతోనే లెక్క కడుతుంది, గడియారం ఎప్పుడు మారుతుందో దానికి తెలుసు. అరిజోనాలో చాలా భాగం అసలు గడియారమే మార్చదు. అక్కడి క్లయింటుకు "ఫీనిక్స్ సమయం" అని రాస్తే ఆ గొడవంతా తప్పుతుంది.

వారం వారం జరిగే కాల్స్ విషయంలో కూడా ఇదే చిక్కు. అక్కడి ఉదయం 9 గంటల కాల్ మార్చి 6 దాకా మనకు రాత్రి 7:30. ఆహ్వానం న్యూయార్క్ సమయంలో పెట్టి ఉంటే 9వ తేదీ నుంచి మనకు 6:30కే మోగుతుంది. హైదరాబాద్ సమయంలో పెట్టి ఉంటే మనకు 7:30 అలాగే ఉంటుంది గానీ, అక్కడ 10 అయిపోయి ఆయన మరో సమావేశంలో ఉంటాడు. రెండింటిలో ఏది జరుగుతుందో వారం ముందే ఒక వాక్యం రాసి చెప్పడం మంచిది. లండన్ క్లయింటు కూడా ఉంటే మరింత జాగ్రత్త కావాలి. ఐరోపా గడియారాలు ఆ ఏడాది మార్చి 29న గాని మారవు.

ఇక రెండో వాక్యం, 01/12/2025. మనకు అది డిసెంబరు 1, అమెరికా వాళ్లకు జనవరి 12. మనవాళ్లు అడిగింది ఒక్క నెల స్టేట్‌మెంటు, వచ్చేది దాదాపు ఏడాది కట్ట. అది కాస్త నయమే. తలకిందులుగా జరిగితే ఏడాది కావాల్సిన చోట నెల వస్తుంది, వచ్చిందే పూర్తి అనుకుని లెక్క ముగించే ప్రమాదం ఉంటుంది. రోజు అంకె 12 దాటితే తేడా తెలిసిపోతుంది, దాటకపోతే తెలియదు. రోజు, నెల ఒకటే అంకె అయిన 12 తేదీలను తీసేస్తే ఏడాదిలో ఇలా రెండు రకాలుగా చదవగల తేదీలు 132. ఉత్తరంలో నెల పేరు అక్షరాల్లో రాయాలి. ఫైలు పేర్లలో 2025-12-01 అని ఏడాది ముందు వచ్చేలా రాయాలి. అలా రాస్తే ఫైళ్లు తేదీల వరసలో కూడా అమరుతాయి.

"మార్చి 16 రాత్రి 12 గంటలు" అని కూడా రాయకండి. అది ఆ రోజు మొదలా, చివరా అన్నది చదివేవాడి ఇష్టం. రాత్రి 11:59 అంటే వాదన ఉండదు. ఎలక్ట్రానిక్ దాఖలులో పన్ను చెల్లించేవాడి ఊరి సమయాన్నే లెక్కలోకి తీసుకుంటారు. న్యూజెర్సీ అకౌంటెంటుకు కాలిఫోర్నియా క్లయింటు ఉంటే ఆ రిటర్ను గడువు ఈయన గడియారంలో మరో మూడు గంటలు ముందుకు పోతుంది. కాబట్టి గడువు పట్టికలో ప్రతి రిటర్నుకు ఊరు రాసి ఉండాలి.

మూడో వాక్యమే అన్నిటికన్నా కష్టమైనది. "వీలైనంత త్వరగా చూసి చెప్పండి" అన్నప్పుడు పని ఎవరి చేతికి వెళ్లిందో, ఎంత వెళ్లిందో తెలియదు. పన్నెండు ఫైళ్లు పంపామంటే పన్నెండూ పూర్తయ్యాయని అవతలివాడు అనుకుంటాడు. నిజానికి తొమ్మిదే పూర్తయి, మూడింటిలో ఏదో ఒకటి మిగిలి ఉండవచ్చు. పని చేతులు మారే మెయిల్‌లో ఆ సంగతి ముందు రావాలి. ఇంగ్లీషులో వెళ్లే ఆ ఉత్తరాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"తొమ్మిది ముసాయిదాలు పూర్తయ్యాయి, మీ పరిశీలనకు సిద్ధం. రెండింటికి డిసెంబరు 2025 బ్యాంకు స్టేట్‌మెంట్లు మీ నుంచి రావాలి. మంగళవారం, 10 మార్చి, న్యూయార్క్ సాయంత్రం 5 లోపు పంపితే, ఆ రెండూ బుధవారం, 11 మార్చి, న్యూయార్క్ ఉదయం 8:30కి మీ దగ్గర ఉంటాయి. పన్నెండో దాంట్లో 1,840 డాలర్ల చెల్లింపు ఒకటి ప్రయాణ ఖర్చో, శిక్షణ ఖర్చో తేలలేదు. ప్రస్తుతానికి శిక్షణ కింద వేసి పసుపు రంగు పెట్టాం. మీరు కాదంటే మార్చుతాం, మిగతా పని ఆగదు."

ఇక్కడ చివరి మూడు వాక్యాలు ఒక రోజును కాపాడాయి. ప్రశ్న వేసి చేతులు కట్టుకుని కూర్చోకుండా, ఒక ఊహ మీద పని సాగించి, ఆ ఊహను కంటికి కనిపించేలా గుర్తు పెట్టారు. స్టేట్‌మెంట్ల విషయంలో తమ గడువును అవతలి గడువుకు ముడి వేశారు. మంగళవారం 5కి రాకపోతే బుధవారం ఉదయానికి ఇవ్వలేరన్నది ముందే తెలిసిపోయింది. గురువారం నాడు ఎవరి వల్ల ఆలస్యమైందన్న తగువు రాదు.

అయితే ఈ ఊహల పద్ధతికి హద్దుంది. తర్వాత తిప్పి మార్చుకోగల వాటికే అది పనికొస్తుంది. గడువు పొడిగింపు కోరుతూ ఫారం 7004 వేయాలా వద్దా, రిటర్నును దాఖలు చేయాలా వద్దా అన్నవి అకౌంటెంటు, ఆయన క్లయింటు తేల్చాల్సిన సంగతులు. "మీ జవాబు రాకపోతే దాఖలు చేస్తాం" అని ఎన్నటికీ రాయకూడదు. అలాంటి చోట రాయాల్సింది, ఏ రోజు ఏ గంటలోపు నిర్ణయం తెలియకపోతే పని ఏ దశలో ఆగిపోతుందన్నది మాత్రమే.

"థ్యాంక్స్, అందింది" అన్న జవాబును ఆమోదంగా తీసుకోవడం కూడా తరచుగా జరిగే పొరపాటు. అందడం వేరు, చూడడం వేరు, సరే అనడం వేరు. ఆమోదం కావాలంటే ఏ ఫైలుకు, ఏ ప్రతికి అన్నది రాసి విడిగా అడగాలి.

ఒకే సంగతి మీద రెండు ఉత్తరాలు అటూ ఇటూ తిరిగినా తేలకపోతే మూడోది రాయకండి. మార్చి రెండో వారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మన సాయంత్రం 6:30 నుంచి 8:30 మధ్య అక్కడ ఉదయం 9 నుంచి 11. ఇద్దరూ మెలకువగా, ఆఫీసులో ఉండగల వేళ అదే. ఫోన్ చేసి తేల్చుకుని, తేలినదాన్ని తేదీతో, ఊరి సమయంతో నాలుగు వాక్యాల్లో రాసి ఆ రాత్రే పంపండి. మరుసటి ఉదయం షిఫ్టుకు వచ్చేవాళ్లకు ఆ ఫోన్ వినబడలేదు కదా.