గడ్డిమంట ఎత్తుకెళ్లిన మనుషులు

రైట్ సోదరుల విమానం 1903 డిసెంబరు 17న తొలిసారి ఎగిరినప్పుడు గాల్లో నిలిచింది 12 సెకన్లు. అప్పటికి మనిషి ఆకాశంలో తిరగడం మొదలై 120 ఏళ్లు. 1783లో పారిస్ మీదుగా ఇద్దరు మనుషులు ఏకంగా 25 నిమిషాలు ఎగిరారు. ఇంజను లేదు, రెక్కలు లేవు. వాళ్ల దగ్గర ఉన్నవి గుడ్డ, కాగితం, గడ్డి, నిప్పు.

ఆ బెలూన్‌ను తయారుచేసిన జోసెఫ్, ఎతియెన్ మోంగోల్ఫియే అన్నదమ్ములది కాగితం తయారుచేసే కుటుంబం. దక్షిణ ఫ్రాన్సులోని అనోనే వాళ్ల ఊరు. గుడ్డకు లోపల కాగితం అతికించి, ముక్కల్ని గుండీలతో కలిపి కుట్టిన పెద్ద సంచిని 1783 జూన్ 4న ఊరి జనం ముందు మంట మీద నింపి వదిలారు. అది పైకి లేచి పది నిమిషాలపాటు ఎగిరి, దాదాపు రెండు కిలోమీటర్ల అవతల దిగింది. అయితే తమ సంచిని లేపుతున్నది పొగలోని ఏదో ప్రత్యేక వాయువు అని అన్నదమ్ములు నమ్మారు. అందుకే పొగ బాగా రావాలని గడ్డితోపాటు ఉన్ని కూడా కాల్చేవారు. నిజానికి పని చేసింది పొగ కాదు, వేడి.

గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది. చల్లని రోజున బయట ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు కిలోంబావు. అదే గాలిని వంద డిగ్రీలకు వేడి చేస్తే, అంతే చోటులో కిలో కన్నా తక్కువే మిగులుతుంది. తేడా 300 గ్రాములు. ఇది చూడటానికి చాలా తక్కువ. కానీ సంచి 2,000 ఘనపు మీటర్లుంటే ఆ కొద్దిపాటి తేడాయే 600 కిలోల బరువును మోస్తుంది. గుడ్డ, తాళ్లు, గడ్డి, మనుషులు అన్నీ ఆ 600 కిలోల్లోనే సరిపెట్టుకోవాలి. సంచి అంత భారీగా ఉండక తప్పకపోవడానికి కారణం ఇదే. విమానాన్ని లేపాలంటే తేలికైన, బలమైన ఇంజను కావాలి. అలాంటిది 18వ శతాబ్దంలో లేదు. బెలూన్‌కు దాని అవసరమే రాలేదు.

పైకి వెళితే ప్రాణం నిలుస్తుందా అన్న భయం మాత్రం అందరిలోనూ ఉంది. సెప్టెంబరు 19న వెర్సాయ్‌లో రాజు పదహారో లూయీ ఎదుట ఒక గొర్రెను, బాతును, కోడిపుంజును బుట్టలో పెట్టి పంపారు. ఎనిమిది నిమిషాల తర్వాత మూడూ ప్రాణాలతో దిగాయి. మనుషుల వంతు వచ్చేసరికి మరణశిక్ష పడ్డ ఖైదీలను ఎక్కిద్దామన్నాడు రాజు. ఆ గౌరవం తమకే దక్కాలని పిలాత్ర్ ద రోజియే అనే యువ శాస్త్రవేత్త, మార్కీ దార్లాండ్ అనే సైనికాధికారి పట్టుబట్టి ఒప్పించారు. రోజియే అక్టోబరులో తాళ్లతో నేలకు కట్టిన బెలూన్‌లో పలుమార్లు ఎక్కి దిగి, మంటను ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో నేర్చుకున్నాడు.

నవంబరు 21న పారిస్ పశ్చిమాన ఉన్న లా ముయెత్ కోట తోటలోంచి ఇద్దరూ లేచారు. నీలం రంగు మీద బంగారు బొమ్మలు వేసిన ఆ బెలూన్ ఏడంతస్తుల మేడంత ఎత్తు. దాని అడుగున మూతి చుట్టూ వెదురుబద్దల్లాంటి తీగలతో అల్లిన నడవ, మధ్యలో ఇనుప కుంపటి. బరువు ఒకవైపు ఒరగకుండా ఇద్దరూ చెరోవైపు నిలబడాలి. మధ్యలో కుంపటి, సంచి మూతి అడ్డు కాబట్టి ఒకరికొకరు సరిగా కనిపించరు కూడా. పల్చని గుడ్డలోంచి వేడి ఇట్టే పోతుంది. అందువల్ల గడ్డి వేస్తూనే ఉండాలి. కింద సెన్ నదిని చూస్తూ మైమరచిపోయిన దార్లాండ్‌ను, పని మానేశావేమని రోజియే మందలించాల్సి వచ్చింది.

అసలు ప్రమాదం ఆ మంటలోనే ఉంది. పైకి లేపుతున్న నిప్పే సంచిని కాల్చేస్తోంది. కాసేపటికి గుడ్డకు గుండ్రని చిల్లులు పడుతున్నట్టు దార్లాండ్ గమనించాడు. వెంట తెచ్చుకున్న తడి స్పాంజితో అంచుల్ని ఆర్పాడు. ఒకటి రెండు తాళ్లు కూడా తెగాయి. మిగతావి గట్టిగా ఉన్నాయో లేదో పరీక్షించుకుని ఊరు దాటేదాకా పోనిచ్చారు. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు సాగాక, ఊరి దక్షిణాన గాలిమరల మధ్య క్షేమంగా దిగారు. గుడ్డ మీద కూలిపోతే రోజియే దాని కిందినుంచి పాక్కుంటూ బయటపడ్డాడు. అతని కోటును జనం జ్ఞాపకంగా ముక్కలు చేసి పంచుకున్నారు.

ఎటు వెళ్లాలన్నది మాత్రం గాలి ఇష్టం. ఎంతసేపు ఎగరాలన్నది గడ్డి ఇష్టం. పది రోజులకే, డిసెంబరు 1న, జాక్ షార్ల్ హైడ్రోజన్ నింపిన బెలూన్‌లో రెండు గంటలపైన ఎగరడంతో వేడిగాలి బెలూన్ వెనకబడిపోయింది. హైడ్రోజన్‌కు మంట అక్కర్లేదు, కానీ మంట దగ్గరికి వస్తే అంతే సంగతులు. రెండింటినీ కలిపి ఇంగ్లిష్ చానల్ దాటబోయిన రోజియే 1785 జూన్‌లో అంతెత్తు నుంచి పడి చనిపోయాడు.

గడ్డి, కాగితం దగ్గర ఆగిపోయిన ఆ పనిని మళ్లీ ముందుకు తీసుకెళ్లింది అమెరికాకు చెందిన ఎడ్ యోస్ట్. 1960 అక్టోబరులో నెబ్రాస్కాలో అతను నైలాన్ సంచిని, ప్రొపేన్ బర్నర్‌ను వాడి ఎగిరాడు. కుంపటిలో చేత్తో గడ్డి వేసే బదులు వాల్వు తిప్పితే చాలు, మంట పెరుగుతుంది, తగ్గుతుంది. ఇవాళ పర్యాటకుల్ని ఎక్కించుకునే వేడిగాలి బెలూన్లు ఆ పద్ధతిలోనే లేస్తున్నాయి. దిగాలంటే మంట తగ్గిస్తారు, లేదా నెత్తిమీది కిటికీ లాంటి మూతను తాడుతో లాగి కొంత వేడిగాలిని బయటికి వదులుతారు.