రెన్యువల్ బిల్లు కంటే ముందు వెళ్ళాల్సిన మెయిల్

ఏడాది చందా మీద నడిచే సర్వీసుల నుంచి గడువు దగ్గరపడ్డాక వచ్చే మెయిల్ తరచూ రెండే మాటలు చెబుతుంది: ప్లాన్ ముగుస్తోంది, ఇన్‌వాయిస్ జతచేశాం. బిల్లు కంటబడగానే ఎవరి ధ్యాసైనా ధర మీదికే పోతుంది. ఆ డబ్బుతో ఏడాది పొడవునా ఏం ఒరిగిందో అప్పుడు గుర్తు రాదు. అందుకే బిల్లు కంటే ముందు ఇంకో మెయిల్ వెళ్ళాలి.

ఒక దంత వైద్యశాలను ఉదాహరణగా తీసుకుందాం. రోగులకు అపాయింట్‌మెంట్ గుర్తుచేసే మెసేజ్‌లు పంపే సర్వీసును ఏప్రిల్‌లో తీసుకున్నారు. గడువు మార్చి 31. మెయిల్ జనవరి మధ్యలోనే వెళ్ళాలి. మార్చి వస్తే అందరూ లెక్కల ముగింపులో మునిగిపోతారు. పైగా డాక్టరు గారికి ఏదైనా అసంతృప్తి ఉంటే సరిదిద్దడానికి వ్యవధి ఉండదు.

మెయిల్లో ఏం రాయాలి? "ఈ ఏడాది 14,000 మెసేజ్‌లు పంపాం" అంటే అది కంపెనీ చేసిన పని, వైద్యశాలకు కలిగిన మేలు కాదు. ఆయనకు కావాల్సింది ఖాళీగా పోయిన కుర్చీల లెక్క. ఆ లెక్క వాళ్ళ రిజిస్టరులోంచే తీయాలి, అదీ అవే నెలలకు. దసరా, దీపావళి రోజుల్లో జనం ఎలాగూ తక్కువ వస్తారు కాబట్టి అక్టోబరు–డిసెంబరును వేసవితో పోలిస్తే అంకె అబద్ధమాడుతుంది. అప్పుడు మెయిల్ ఇలా కుదురుతుంది:

"డాక్టర్ గారికి నమస్కారం. నిరుడు అక్టోబరు–డిసెంబరులో అపాయింట్‌మెంట్ తీసుకున్నవారిలో నూటికి 18 మంది రాలేదు. ఈసారి అది 9కి తగ్గింది. నవంబరు నుంచి మీ రిసెప్షన్‌వారు కూడా ఫోన్లు చేస్తున్నారు కాబట్టి ఇందులో వారి పాలూ ఉంది. శనివారం సాయంత్రాలు మాత్రం పెద్దగా మార్పు లేదు. మార్చి 31న గడువు ముగిసేలోపు దీని గురించి మాట్లాడాలనుకుంటున్నాం. వచ్చే ఏడాది మీకు ముందుగా ఏది బాగుపడాలి? బుధ, గురువారాల్లో మధ్యాహ్నం ఒక పావుగంట వీలవుతుందా?"

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది శనివారం వాక్యం. తగ్గని చోటును దాచకుండా చెప్పినందువల్లే ఆ 9 అంకె మీద నమ్మకం కుదురుతుంది, డాక్టరు గారికి మాట్లాడటానికి విషయమూ దొరుకుతుంది. ధర, డిస్కౌంటు ఇక్కడ ఎత్తకూడదు. అడగకముందే తగ్గిస్తే బేరం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ మెయిల్ పనికిరాని సందర్భమూ ఉంది. రెండు నెలలుగా వైద్యశాలవారు సర్వీసులోకి లాగిన్ కాకపోతేనో, ఫిర్యాదు ఇంకా తేలకపోతేనో ఎంత మంచి అంకె రాసినా చిరాకే మిగులుతుంది. అలాంటప్పుడు ముందు ఫోన్ చేసి సమస్య తీర్చాలి, మెయిల్ ఆ తర్వాత.