లేబుల్ మీద 3 మిల్లీగ్రాములు, గమ్మీలో ఎన్ని?

అమెరికా మార్కెట్లో దొరికే 25 రకాల మెలటోనిన్ గమ్మీలను తెప్పించి, ఒక్కోదానిలో నిజంగా ఎంత మెలటోనిన్ ఉందో కొందరు పరిశోధకులు ల్యాబులో కొలిచారు. కేంబ్రిడ్జ్ హెల్త్ అలయన్స్ వైద్యుడు పీటర్ కోహెన్, మిసిసిపీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కలిసి చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2023 ఏప్రిల్‌లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చాయి. లేబుల్ మీది అంకెకు పది శాతం అటూ ఇటూ ఉన్నా సరిపోయినట్టే లెక్కేశారు. అయినా 25లో 22 తప్పాయి. అన్నిటికన్నా తక్కువ ఉన్న గమ్మీలో లేబుల్ చెప్పినదాంట్లో 74 శాతం ఉంటే, అన్నిటికన్నా ఎక్కువ ఉన్నదాంట్లో 347 శాతం ఉంది. ఒకదానిలో అయితే మెలటోనిన్ జాడే లేదు. అందులో ఉన్నది గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ అనే పదార్థం, 31 మిల్లీగ్రాములు.

ఈ శాతాలు మన చేతిలోని సీసాకు ఎలా వర్తిస్తాయో చూద్దాం. లేబుల్ మీద 3 మిల్లీగ్రాములని ఉందనుకోండి. 74 శాతమే ఉంటే పిల్లవాడి కడుపులోకి వెళ్లేది సుమారు 2.2 మిల్లీగ్రాములు. 347 శాతం ఉంటే 10 మిల్లీగ్రాములు దాటుతుంది. నిద్ర పట్టడానికి ఇబ్బంది పడే పిల్లలకు అవసరమనుకుంటే పిల్లల వైద్యులు సాధారణంగా అర మిల్లీగ్రాము, ఒక మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. చాలామందికి అదే సరిపోతుంది. యువకుల్లో సైతం 0.1 నుంచి 0.3 మిల్లీగ్రాములు తీసుకుంటే చాలు, రక్తంలో మెలటోనిన్ మామూలుగా రాత్రిపూట ఉండే స్థాయికి చేరుతుంది. ఎందుకంటే ఇది విటమిన్ కాదు, హార్మోన్. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి దీన్ని విడుదల చేసి, రాత్రయిందని ఒళ్లంతటికీ తెలియజేస్తుంది. అలాంటి హార్మోన్‌ను పంచదార అద్ది, ఎలుగుబంటి బొమ్మలా చేసి అమ్మడమే నాకు మింగుడుపడని విషయం.

లేబుల్‌కూ లోపలి సరుకుకూ ఇంత తేడా ఎలా వస్తుంది? కారణం కొంత తయారీలో ఉంది. పెక్టిన్ గానీ జెలటిన్ గానీ కలిపిన పాకాన్ని కాచి, మెలటోనిన్ కలిపి, అచ్చుల్లో పోస్తారు. ఒక్కో గమ్మీకి కావలసింది ఒకటి రెండు మిల్లీగ్రాములే. చిక్కటి పాకంలో అంత కొద్ది మందు అంతటా సమానంగా కలవకపోతే ఒక గమ్మీలో ఎక్కువ, పక్కదానిలో తక్కువ పడుతుంది. దానికి తోడు వేడి, వెలుతురు, తేమ తగిలితే మెలటోనిన్ కాలం గడిచేకొద్దీ తగ్గిపోతుంది. గడువు తేదీ వచ్చేదాకా లేబుల్ మీద చెప్పినంత ఉండి తీరాలి కనుక తయారీదారులు ముందే కొంత అదనంగా వేస్తారు. అమెరికా నిబంధనలు తక్కువ ఉంటే తప్పు పడతాయి గానీ, అదనం ఇంతకు మించకూడదని స్పష్టమైన అంకె ఏదీ చెప్పవు. దాంతో అదే బ్రాండు సీసా కొత్తగా వచ్చినప్పుడు ఒకలా, గడువు దగ్గర పడ్డాక మరోలా ఉండొచ్చు.

ఈ తేడా ఒక్క గమ్మీలకే పరిమితం కాదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో 31 మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షించారు. ఒక నమిలే మాత్ర మీద ఒకటిన్నర మిల్లీగ్రాములని రాసి ఉంటే లోపల 9కి దగ్గరగా ఉంది. ఒకే ఉత్పత్తిలోనూ ఒక బ్యాచ్‌కూ మరో బ్యాచ్‌కూ పెద్ద తేడాలు కనిపించాయి. ఎనిమిదింటిలో లేబుల్ మీద ఊసే లేని సెరటోనిన్ బయటపడింది. ఆ పరీక్షలో బ్యాచ్‌ల మధ్య తేడా ఎక్కువగా కనిపించింది నమిలే రకంలోనే. అందుకే, బిడ్డ మింగగలిగితే మాత్ర, లేదంటే కొలిచి వేసే ద్రవరూపం కుదురుతాయా అని వైద్యుణ్ణి ముందే అడగడం మంచిది.

అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం మెలటోనిన్ ఆహార సప్లిమెంట్ కింద లెక్క. అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ దాన్ని పరీక్షించి ఆమోదించదు. బ్రిటన్‌లో ఇదే పదార్థం కావాలంటే డాక్టర్ చీటీ ఉండాలి. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో విటమిన్ డబ్బాలతో పాటు ఈ గమ్మీ సీసాలూ మన ఇళ్లకు చేరుతున్నాయి. అక్కడి షాపులో దొరికింది కాబట్టి అక్కడి ప్రభుత్వం పరీక్షించే ఉంటుందని అనుకోకండి.

కొనేటప్పుడు సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెను వదిలేసి, వెనక్కి తిప్పి సప్లిమెంట్ ఫ్యాక్ట్స్ పట్టిక చూడండి. మొదటి వరుసలో సర్వింగ్ సైజ్ ఉంటుంది. అక్కడ రెండు గమ్మీలని ఉంటే, ముందువైపు రాసిన 5 మిల్లీగ్రాములు ఆ రెండింటికీ కలిపి. ఒక్కోదానిలో రెండున్నర అన్నమాట. ముందువైపు అంకె ఒక్కో గమ్మీదని పొరబడితే వైద్యుడు చెప్పిన మోతాదు అక్కడే తప్పుతుంది. గమ్మీని కత్తితో సగం చేసి ఇస్తే మందూ సగమే ఉంటుందన్న హామీ లేదు, పాకంలో అది ఎటువైపు ఎక్కువ చేరిందో ఎవరికి తెలుసు?

పట్టికలో మిగతా పదార్థాలనూ చదవండి. సీబీడీ, వలేరియన్ లాంటి మూలికలు, సెరటోనిన్‌కు ముడిసరుకైన 5-హెచ్‌టీపీ కనిపిస్తే ఆ సీసా పిల్లలకు వద్దు. తర్వాత యూఎస్‌పీ వెరిఫైడ్ అనే గుండ్రటి ముద్ర ఉందేమో వెతకండి. ఆ సంస్థ ఫ్యాక్టరీని తనిఖీ చేసి, లేబుల్ మీదిదే లోపల ఉందా, కలుషితాలు ఉన్నాయా అని పరీక్షించి ముద్ర ఇస్తుంది. ఈ ముద్ర ఉన్న గమ్మీలు చాలా కొద్ది. ‘ల్యాబ్ టెస్టెడ్’, ‘డాక్టర్లు సిఫారసు చేసినది’, ‘సహజసిద్ధం’ అన్న మాటలు ఆ ముద్రకు సాటిరావు. ఎవరు పరీక్షించారో, ఏం తేలిందో వాటిలో ఉండదు. ముద్ర ఉన్న ఉత్పత్తుల పేర్లు యూఎస్‌పీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, సరిచూసుకోవచ్చు.

ఇక మూత. అమెరికాలో ఇనుము ఉన్న మాత్రల సీసాలకు చిన్నపిల్లలు తెరవలేని మూత తప్పనిసరి. మెలటోనిన్‌కు అలాంటి చట్టం లేదు, కాబట్టి నొక్కి తిప్పితేనే తెరుచుకునే మూత ఉన్నదాన్నే ఎంచుకోండి. పిల్లలు మెలటోనిన్ మింగారంటూ అక్కడి విష సమాచార కేంద్రాలకు 2012లో 8,337 ఫిర్యాదులు వస్తే, 2021లో 52,563 వచ్చాయి. చాలామందికి ఏమీ కాలేదు. కానీ ఆ పదేళ్లలో ఐదుగురికి వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది, ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. ఎంత మంచి మూత ఉన్నా సీసాను అందనంత ఎత్తులో, తాళం వేసి ఉంచాలి. పిల్లల ముందు దాన్ని ‘చాక్లెట్’ అని పిలవనే పిలవకండి.

పిల్లవాడు గమ్మీలు గుప్పెడు తినేసినట్టు తెలిస్తే, మత్తుగా ఉన్నాడా, వాంతులవుతున్నాయా, ఊపిరి మామూలుగానే ఉందా చూడండి. లేపినా లేవకపోతే, ఊపిరి ఇబ్బందిగా ఉంటే అమెరికాలో 911కు, మన దగ్గర 108కి వెంటనే ఫోన్ చేయాలి. బాగానే ఉన్నట్టు కనిపించినా అమెరికాలో ఉన్నవాళ్లు 1-800-222-1222కు, ఇక్కడివాళ్లు పిల్లల వైద్యుడికి ఫోన్ చేసి అడగాలి. సీసా చేతిలో పట్టుకుని మాట్లాడండి. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, ఎన్ని తిని ఉంటాడో, ఎంతసేపైందో, వాడి బరువెంతో చెప్పండి. ఆ గమ్మీలకు యూఎస్‌పీ ముద్ర లేకపోతే ఆ మాటా చెప్పండి. అప్పుడు డాక్టరు లేబుల్ అంకె కన్నా ఎక్కువే పడిందనుకుని జాగ్రత్త పడతారు.