చేయి పోయిన శాతం వేరు, కూలి పోయిన శాతం వేరు

పాశమైలారం ఫ్యాక్టరీలో బస్తాలు మోసే 30 ఏళ్ల కాంట్రాక్టు కార్మికుడి చేయి మెషిన్‌లో నలిగిందనుకుందాం. గాయం ఉద్యోగుల పరిహారానికి సంబంధించిన చట్టం షెడ్యూలులో లేకపోతే, సంపాదనా శక్తి ఎంత తగ్గిందో డాక్టరే అంచనా కట్టాలి. ఆ రిపోర్టును మనం మూడు భాగాలుగా చదవాలి.

మొదటిది, డాక్టర్ స్వయంగా చూసింది: మచ్చలు, పట్టు బలం, ఎక్స్‌రే. ‘మెషిన్‌లో నలిగింది’ అన్నది కార్మికుడు చెప్పిన మాట, దాన్ని అలాగే రాయాలి.

రెండోది, అభిప్రాయం. చేతి వైకల్యం 40 శాతమే కావచ్చు. కానీ బరువెత్తలేని హమాలీ సంపాదన 80 శాతం పోవచ్చు. 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో ఎడమ చేయి కోల్పోయిన వడ్రంగికి సుప్రీంకోర్టు 100 శాతం నష్టాన్ని ఒప్పుకుంది. నెల వేతనం 15,000 రూపాయలైతే, అందులో 60 శాతాన్ని వయసు గుణకం 207.98తో హెచ్చిస్తారు. దాని మీద 40 శాతానికి 7,48,728, 80 శాతానికి 14,97,456 రూపాయలు వస్తాయి. రిపోర్టులో కారణం రాయకపోతే తక్కువ అంకె మిగిలిపోతుంది.

మూడోది, తెలియనిది. నరం ఇంకా కోలుకుంటుందా, పాత గాయం ఏమైనా ఉందా అన్నది తేలకపోతే ఆ మాటే రాయాలి. అన్నీ తెలిసినట్టు రాసిన రిపోర్టు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క ప్రశ్నకే కూలిపోతుంది. దాంతో సరైన భాగం మీద కూడా అనుమానం పడుతుంది.